నలభై మూడో నంబరు

ఎమ్మిగనూరు హాస్టల్లో నేను వంట చేయబట్టి ఆరేళ్లయింది. వలస పోయే కూలీల పిల్లల కోసం ఆదోని ట్రస్టు ఒకటి దాన్ని నడుపుతుంది. జనవరిలో తెరిచి ఏప్రిల్ ఆఖరున మూస్తారు. ఆ నాలుగు నెలలు తల్లిదండ్రులు గుంటూరు వైపు మిరప కోతలకు పోతే పిల్లలు ఇక్కడ తిని, ఇక్కడ పడుకుని బడికి పోతారు. మంచాలు నలభై. నేను చెప్పే ఆ ఏడాది దరఖాస్తులు తొంభై ఏడు వచ్చాయి. అందులో ఒకటి నా మనవరాలు రాణిది.

రాణికి పదకొండేళ్లు. కిందటేడు సీటు రాక అమ్మానాయనల వెంట మిరప చేలకు పోయింది. తిరిగి వచ్చేసరికి బడిలో పాఠాలు చాలా ముందుకు పోయాయి. లెక్కల పుస్తకం తెరిచి, ఏ పేజీ కాడ ఉన్నారో తెలియక ఏడ్చింది. ఈసారి కూడా సీటు రాకపోతే ఇంక బడి మాటే వద్దని అల్లుడు దుర్గప్ప ముందే చెప్పేశాడు. "మిరప తుంచేది నేర్సింది కదా, సాల్లే అత్తా" అన్నాడు. కోపంతో కాదు, అలసిపోయి అన్నాడు.

వంటమనిషిని కదా, నా మనవరాలికి ఒక మంచం అడగవచ్చని ఊళ్లో అనుకునేవారు. అడగకూడదు. ఎవరి సిఫారసూ లేకుండా చీటీలు తీయడమే మొదటి నుంచి ఉన్న పద్ధతి. ప్రతి ఏడూ నా అన్నం డబరాలోనే చీటీలు వేసి తీసేవారు. కిందటేడు ఎవరో కొన్ని చీటీలు మందంగా మడిచారని గొడవ లేచింది. అందుకని ఈసారి కంప్యూటర్ మీద తీయాలని ట్రస్టు తరఫున చూసుకునే అమర్‌నాథ్ గారు చెప్పారు. ఆయనది ఆదోనిలో పత్తి వ్యాపారం చేసే కుటుంబం. మాట మెత్తన, కానీ పేరు చెడితే ఓర్చుకోలేరు.

కంప్యూటర్ పని రూత్‌ది. కోసిగి ఏసన్న కూతురు. చిన్నప్పుడు తనూ మిరప చేలల్లో తిరిగిన పిల్లే. తర్వాత చదువుకుని మా ఆఫీసులో ఆపరేటరుగా చేరింది. నన్ను అవ్వా అని పిలుస్తుంది.

ఆ ఆదివారం పొద్దున పది గంటలకు హాలు నిండిపోయింది. గోడకున్న టీవీకి రూత్ తన లాప్‌టాప్ తగిలించింది. నేను వంటింటి గడప మీద సరుకుల పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. నేను అక్షరాలు నేర్చింది మా ఆయన పోయినంక, ఈ హాస్టల్ పిల్లల పక్కన కూర్చుని. చేయి నిదానం. అయినా చదివిన పేర్లన్నీ రాసుకోవాలని అనుకున్నాను. ఎన్ని తట్లు, అదే కంచాలు, పెట్టాలో, ఎవరు ఏమి తినరో ఆ పుస్తకంలోనే ఉంటుంది.

రూత్ అందరికీ అర్థమయ్యేలా చెప్పింది. "ఈడ తొంభై ఏడు పేర్లు ఉన్నాయి. ప్రతి పేరు పక్కన మిషన్ ఒక అంకె ఏస్తాది. సున్నాకీ ఒకటికీ నడుమ ఏదో ఒకటి. అది ఏం ఏస్తాదో నాకు గూడా తెలీదు. ఎవరి అంకె పెద్దదో వాళ్లు ముందు. ముందొచ్చిన నలభై మంది ఈ రెండో పేజీలోకి వాళ్లంతట వాళ్లే వస్తారు. నేను సదివేదే, తీసేది నేను కాదు."

"మిషన్ కు మా వోళ్లు మీ వోళ్లు అని తెల్దు కదా?" అని వెనక నుంచి హుసేనప్ప అడిగాడు. ఆయన హాలహర్వి వాడు. కొడుకు పేరు ఇచ్చాడు.

"తెల్దన్నా."

"అయితే సదువు."

రూత్ చదవడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు. నేను రాసుకున్నాను. మూడోది ఉరుకుందు.

"ఏ ఉరుకుందు?" అని నలుగురు ఒకేసారి అరిచారు.

మా వైపు ఉరుకుంద ఈరన్నకు మొక్కుకుని పిల్లలను కనేవాళ్లు ఎక్కువ. ఏ జాబితా చూసినా ఉరుకుందులు, ఈరేష్‌లే. ఆ తొంభై ఏడులో ఉరుకుందులు తొమ్మిది మంది, ఈరేష్‌లు ఏడుగురు. రూత్ షీటులో పిల్లల పేర్లు, దరఖాస్తు నంబర్లు మాత్రమే ఎక్కించింది. తండ్రుల పేర్లు కాగితాల మీద ఉన్నాయి.

రూత్ దరఖాస్తు నంబరు చూసి, కాగితాల కట్టలో వెతికి, "కౌతాళం తిక్కయ్య కొడుకు" అని చెప్పింది. మళ్లీ ఎవరూ అడగకుండా మొదటి పేజీకి పోయి ఆ పేరు పక్కన తండ్రి పేరు కొట్టింది. నేను నా పుస్తకంలో ఉరుకుందు పైన ఇరుకులో తిక్కయ్య అని రాశాను. రూత్ రెండో పేజీకి వచ్చి, చదివినవి పైకి జరిపి నాలుగో పేరు నుంచి చదివింది.

ఆరో పేరు హాలహర్వి మాదన్న కొడుకు యేసేపుది. ఎనిమిదో పేరు, "రాణి. దుర్గప్ప కూతురు" అంది. ఆ తొంభై ఏడులో రాణి ఒక్కతే, యేసేపు ఒక్కడే.

నా చేతిలో పెన్ను ఆగిపోయింది. రాణి కిటికీ కాడ నిలబడి ఉంది. నా వైపు చూసి నోరు మూసుకుని నవ్వింది. పక్కన దుర్గప్ప తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. ఆ పేరు మిగతా పేర్ల కంటే పెద్ద అక్షరాలతో రాశానని తర్వాత చూసుకున్నాను.

తొమ్మిదో పేరు ఈరేష్. "ఏ ఈరేష్?" రూత్ మళ్లీ వెతికి మళ్లీ కొట్టింది. పదిహేనో పేరు ఇంకో ఉరుకుందు. మళ్లీ కొట్టింది. ఇరవై ఒకటో పేరు చదువుతూ, "యేసేపు" అని ఆగిపోయింది.

"ఇందాకనే సదివితివి కదా పాపా" అన్నాడు మాదన్న. "నా కొడుక్కి రెండు మంచాలిస్తాండారా ఏంది? ఒగటి నాకియ్యండి, నేనూ ఈడనే పడుకుంటా."

అందరూ నవ్వారు. రూత్ నవ్వలేదు. హుసేనప్ప లేచి టీవీ కాడికి వచ్చాడు. "పైకి జరుపమ్మా. ఒకటో పేరు సూపించు."

రూత్ పైకి జరిపింది. ముందు వరుసలో ఒక పిల్లవాడు గట్టిగా చదివాడు. ఒకటో చోట ఇందాక చదివిన పిల్ల పేరు లేదు. వేరే పేరు ఉంది. మూడో చోట ఉరుకుందు లేడు. నేను గడప మీద నుంచే ఎనిమిదో చోటు చూశాను. రాణి లేదు.

"సూసినారా అప్పా!" హుసేనప్ప జనం వైపు తిరిగాడు. "నోటితో ఒగటి సదువుతాండాది, మిషన్లో ఒగటి పెట్టుకున్యాది. డబరానే మేలు కదప్పా. డబరాలో సెయ్యి పెడితే కనపడేది."

"నా బిడ్డ పేరు యాడ పాయె?" అని ముందు వరుసలో ఒక తల్లి గట్టిగా ఏడుస్తూ లేచింది. ఇంకొకరు లాప్‌టాప్ వైర్ పట్టుకున్నారు. రూత్ రెండు చేతులూ దానికి అడ్డం పెట్టింది. అమర్‌నాథ్ గారు చేతులు జోడించి, పావుగంట టైమివ్వమని బతిమాలి, రూత్‌ను లాప్‌టాప్‌తో సహా నా వంటింట్లోకి తీసుకొచ్చారు. తలుపు నేను మూశాను.

"ఏం చేశావమ్మా?" అన్నారాయన.

"ఏం సేయలేదు సార్. పేర్లు కొట్టినా, అంతే. అంకెలు నేను ముట్టుకోనే లేదు." రూత్ బియ్యం మూట మీద కూర్చుని లాప్‌టాప్ మోకాళ్ల మీద పెట్టుకుంది. మొదటి పేజీ తెరిచి, ఏమీ లేని ఒక గడిలో చుక్క ఒకటి కొట్టింది. పేర్ల పక్కనున్న అంకెలన్నీ ఒక్కసారిగా మారాయి. ఇంకో చుక్క కొట్టింది. మళ్లీ మారాయి.

రూత్ మొహం తెల్లబోయింది.

"షీటు చేసేటప్పుడు అంకెలు మారేది సూసినా సార్. ఒగసారి సేవ్ చేస్తే నిలబడిపోతాయనుకున్నా. నిలబడవు. అది అంకె కాదు, ఫార్ములా. షీటులో యాడ ఏం మార్చినా మళ్లీ కొత్త అంకెలు ఏస్తాది. ఫైలు మూసి తెరిసినా ఏస్తాది."

"అంటే?" అన్నాను నేను.

"అంటే అవ్వా, నేను తిక్కయ్య అని కొట్టంగానే సీటీలన్నీ మళ్లీ డబరాలో ఏసి కలిపినట్లు. మూడు సార్లు కొట్టినా. నాలుగు రకాల జాబితాల్లో తలా కొన్ని సదివినా."

"మొదటిది వెనక్కి తెప్పించు" అన్నారు అమర్‌నాథ్ గారు.

రూత్ వెనక్కి తిప్పే బొత్తం నొక్కింది. కొట్టిన చుక్క పోయింది. అంకెలు మాత్రం పాతవి రాలేదు. ఇంకోరకంగా మారాయి. తండ్రుల పేర్లు చెరిపేదాకా నొక్కింది. ప్రతి నొక్కుకూ ఇంకో కొత్త జాబితా.

"అవి యాడా లేవు సార్" అంది. "పాయినాయి."

బయట అరుపులు తగ్గలేదు. అమర్‌నాథ్ గారు నా చేతిలోని పుస్తకం చూశారు.

"సుంకమ్మా, చదివినవి రాసుకున్నావా?"

"రాసుకున్నా సార్. ఇరవై."

"అయితే సరిపోయింది. జనం విన్న ఇరవై పేర్లు ఖాయం చేద్దాం. మిగతా ఇరవై మళ్లీ తీద్దాం. విన్న పేర్లు తీసేస్తే ఊరుకోరు. ఇరవై కుటుంబాలు మన పక్కన ఉంటే మిగతావాళ్లు సర్దుకుంటారు. ఏమంటావు?"

పుస్తకం ఆయన చేతికి ఇస్తే చాలు. నేను అబద్ధం ఆడనక్కర లేదు, ఏమీ దిద్దనక్కర లేదు. ఎనిమిదో గీత మీద రాణి పేరు పెద్ద అక్షరాలతో ఉంది. రూత్ నా వైపు చూసింది. ఏ పేరు ఉందో తనకూ తెలుసు. అది చదివింది తనే. ఇలా తేలిపోతే తన ఉద్యోగానికి కూడా ఇబ్బంది ఉండదు. ఆ పిల్ల కళ్లలో బతిమాలడం కనపడింది. నన్ను సరేనమని బతిమాలిందో, వద్దనమని బతిమాలిందో ఇప్పటికీ నాకు తెలియదు.

నేను పుస్తకం తెరిచాను. మూడో గీత మీద ఉరుకుందు, పైన ఇరుకులో తిక్కయ్య.

"రూతమ్మా, ఈడ నువ్వు పేరు కొట్టినావు కదా. దీనెనక సదివినవన్నీ కొత్త అంకెలవా?"

"అవునవ్వా."

"అంటే నువ్వు కొట్టకముందు నాలుగో సోట, ఎనిమిదో సోట వేరే పిల్లోళ్లు ఉండిరి."

"ఉండిరి."

"వాళ్లెవరు?"

"తెలీదవ్వా. సదవకముందే పాయిరి. ఎవురికీ తెలీదు."

ఆ మాట విన్నాక పుస్తకం మూయడానికి నాకు కొంచెం సేపు పట్టింది. చదవకుండా పోయిన ఆ ఎనిమిదో పిల్ల ఎవరో. ఆమె అవ్వ ఎవరో హాలులోనే కూర్చుని ఉంటుంది. తన మనవరాలి పేరు తెర మీదికి వచ్చి పోయిందని కూడా ఆమెకు తెలియదు. పైగా ఈ ఇరవై పేర్లకు సాక్ష్యం నా చేతిరాత ఒక్కటే, అందులో నా మనవరాలు. హుసేనప్ప చదవలేకపోయినా ఎవరితోనైనా చదివించుకుంటాడు.

"వద్దు సార్" అన్నాను. "ఈ పుస్తకం పనికిరాదు. మొదటి మూడు పేర్లకే ఇది నిజం. అంతా మళ్లీ తీయండి."

"నీ మనవరాలు ఇందులో ఉంది కదా సుంకమ్మా" అన్నారాయన మెల్లగా. ఆయనకూ గుర్తుంది.

"ఉంది సార్. అందుకే."

రూత్ ముక్కు తుడుచుకుని లేచింది. జరిగింది తనే చెబుతానంది. హాలులో నిలబడి, దాచకుండా, తప్పు తనదని చెప్పింది. ఖాళీ గడిలో చుక్క కొట్టి, అంకెలు ఎలా పరుగెత్తుతాయో టీవీ మీద చూపించింది. ఒక్క క్షణం అందరూ నోళ్లు తెరిచి చూశారు.

"మరి ఇప్పుడు తీసినా పరిగెత్తుతాయి కదా" అన్నాడు హుసేనప్ప.

"ముందు పేర్లన్నీ దిద్దుతాను. దిద్దేది అయిపోయినంక అంకెలను కట్టేస్తాను. కట్టేసినంకనే సదువుతాను. ఇందాక కట్టేయకుండా సదివినా, అదీ నేను చేసిన తప్పు."

గంట పట్టింది. ఉరుకుందులు, ఈరేష్‌లు అందరికీ తండ్రి పేరు, ఊరి పేరు చేరాయి. ఇద్దరు ఉరుకుందులకు తండ్రి పేరు కూడా ఒకటే కావడంతో తాత పేరు చేర్చారు. ఇంకా ఎవరైనా దిద్దించుకోవాలా అని రూత్ మూడుసార్లు అడిగింది. తర్వాత హుసేనప్పను పిలిచి, ఖాళీ గడిలో ఏదైనా ఒకటి కొట్టమంది. ఆయన ఒక వేలితో గట్టిగా కొట్టాడు. అంకెలు ఆఖరుసారి మారాయి.

"ఇవే" అంది రూత్. అంకెల వరుస మొత్తం పట్టి కాపీ చేసి, అదే చోట ఫార్ములా లేకుండా విలువలు మాత్రమే అతికించింది. "ఇప్పుడు ఇవి ఉట్టి అంకెలు. ఇంకోసారి కొట్టన్నా."

హుసేనప్ప కొట్టాడు. ఏమీ కదలలేదు. నమ్మక ఇంకోసారి కొట్టాడు. మాదన్నను పిలిచి ఆయన చేత కూడా కొట్టించాడు.

"సచ్చినట్లు పడున్యాయి" అన్నాడు మాదన్న.

రూత్ ముందు ప్రింటు తీసింది. తొంభై ఏడు పేర్లూ వరుసగా, అంకెలతో సహా. చదవకముందే హుసేనప్ప చేత, అమర్‌నాథ్ గారి చేత, నా చేత ప్రతి కాగితం మీద సంతకాలు పెట్టించింది. ఆ కాగితాలు నా చేతిలోకి వచ్చినప్పుడు నేను పేర్ల వైపు చూడలేదు. సంతకం చోటు మాత్రమే చూశాను.

అప్పుడు చదివింది. నేను కొత్త పేజీ తిప్పి రాసుకున్నాను. యేసేపు పేరు పదకొండో చోట వచ్చింది. మాదన్న, "ఒగటి సాల్లేమ్మా, నేను ఇంట్లోనే పడుకుంటా" అన్నాడు. ఇరవై దాటింది, ముప్పై దాటింది. ముప్పై తొమ్మిది. నలభయ్యో పేరు ఒక ఈరేష్‌ది. ఏ ఈరేష్ అని ఎవరూ అడగలేదు.

తర్వాత సీటు ఎవరైనా వదిలేస్తే వరుసగా పిలవాల్సిన పేర్లు చదివింది. నలభై ఒకటి, హుసేనప్ప కొడుకు. నలభై రెండు, మాధవరం పిల్ల. నలభై మూడు, దుర్గప్ప కూతురు రాణి.

జనం గొణుక్కుంటూ లేచారు. ఏడ్చిన తల్లి మళ్లీ ఏడ్చింది, కానీ ఈసారి ఎవరినీ తిట్టలేదు. హుసేనప్ప తలుపుకు అంటించిన కాగితం కాడ చాలాసేపు నిలబడి, చదవడం తనకు తెలిసిన ఒక్క పేరు, కొడుకుది, వెతుక్కుని పోయాడు.

దుర్గప్ప వంటింటి వెనకకు వచ్చాడు. మేము లోపల మాట్లాడుకున్నది తలుపు కాడ నిలబడి విన్నాడట. "నీ సేతిలో పుస్తకం ఉండె కదా అత్తా. నోరు ఊరక పెట్టుకోనింటే సాలు కదా."

పప్పు మాడుతోందని పొయ్యి తగ్గించాను. నిజానికి అది మాడడం లేదు.

రాణి నా పక్కన కూర్చుని పుస్తకం తీసుకుంది. పాత పేజీలో ఎనిమిదో గీత, కొత్త పేజీలో నలభై మూడో గీత, రెండూ వేళ్లతో పట్టుకుని చూసింది.

"అవ్వా, ముందు నన్ను సదివిరి కదా. అది అబద్ధమా?"

"అబద్ధం కాదమ్మా. అది నిలబడలేదు."

"ఇది?"

"ఇది నిలబడుతుంది."

"నిలబడి ఏం లాభం?" అంది. పుస్తకం మూసి నా ఒళ్లో పెట్టింది.

సోమవారం పొద్దున, కోతలకు కూలీలను తీసుకుపోయే మేస్త్రీ పంపిన టెంపో వచ్చింది. రాణి లెక్కల పుస్తకాన్ని బట్టల మూటలో పెట్టుకోబోతే, వాళ్లమ్మ తీసి పక్కన పెట్టింది. నేను మళ్లీ మూటలోకి తోశాను. టెంపో ఆదోని రోడ్డు ఎక్కేదాకా నిలబడి, హాస్టల్‌కు పోయి బియ్యం కడిగాను.

రూత్‌ను తీసేయలేదు. ఒక నోటీసు ఇచ్చారు. అది ఆమె మడిచి పర్సులో పెట్టుకుంది, ఇప్పటికీ ఉంచుకుంది.

నేను పొద్దున పొద్దున్నే తట్లు లెక్కపెట్టుకుంటాను. అది నా పని. ఇంటి మీద బెంగతో పిల్లలు ఒకరిద్దరు ప్రతి ఏడూ వెళ్లిపోతారు. ఫిబ్రవరిలో ఒక పిల్లవాడు ఇంటికి పోయాడు. రూత్ కాగితం చూసి హుసేనప్పకు ఫోన్ చేసింది. ఆయన కొడుకును తెచ్చి దింపి, తలుపు మీది కాగితానికి దండం పెట్టి పోయాడు. మార్చిలో ఒక పాప వెళ్లిపోయింది. మాధవరం పిల్ల వచ్చింది.

ఆ తర్వాత ఎవరూ పోలేదు. రాణి గుంటూరు నుంచి ఆదివారం ఆదివారం ఫోన్ చేస్తుంది. ఒకటే అడుగుతుంది. "అవ్వా, ఎన్ని తట్లు?"

నలభై అని చెబుతాను.

ఒక పొద్దున కోసిగి పిల్లవాడొకడు జ్వరంతో లేవలేదు. అన్నం వద్దన్నాడు. ముప్పై తొమ్మిది తట్లు పెట్టాను. నలభయ్యోది చేతిలో పట్టుకుని నిలబడ్డప్పుడు, వాడు ఇంటికి పోతాడేమో అన్న ఆశ ఒకటి నాలో లేచింది. అది ఆశేనని తెలిసేసరికి తట్ట కింద పెట్టేశాను. వేడి గంజి తీసుకుని వాడి మంచం కాడికి పోయాను. కూర్చోబెట్టి తాగించాను. సాయంత్రానికి వాడు లేచి ఆడుకున్నాడు.

మర్నాడు నలభై తట్లు పెట్టాను.